ఇంతమందే ఎందుకు? క్లినికల్ ట్రయల్ ప్రోటోకాల్‌లో శాంపిల్ సైజ్ పేరాను ఎలా అర్థం చేసుకోవాలి

ఎథిక్స్ కమిటీ ముందుకు వచ్చే ప్రోటోకాల్‌లో, మధ్యలో ఎక్కడో ఒక చిన్న పేరా ఉంటుంది. "80 శాతం పవర్, 5 శాతం సిగ్నిఫికెన్స్ స్థాయితో లెక్కించగా గ్రూపుకు 128 మంది అవసరమని తేలింది. పది శాతం డ్రాపౌట్లు ఉంటారనుకుని 143 మందిని చేర్చుకుంటాం" అన్న ధోరణిలో సాగుతుంది. స్టాటిస్టిక్స్ చదవని సభ్యులు సాధారణంగా దాన్ని దాటేసి సమ్మతి పత్రం దగ్గర ఆగుతారు. అక్కడి భాష అర్థమవుతుంది కాబట్టి.

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి. అంటే ఫార్ములాలతో పరిచయం లేనివాళ్లు కూడా ఆ 143 అనే సంఖ్యకు ఒప్పుకుని సంతకం పెడుతున్నారు. నిజానికి ఆ పేరాలో గణితం పాలు తక్కువ. ఉన్నదల్లా నాలుగైదు ఊహలు, వాటిని కలిపే ఒక చిన్న కూడిక, గుణకారం. ఊహలను గుర్తుపట్టగలిగితే లెక్క చేయడం రాకపోయినా ఆ పేరాను నిలదీయవచ్చు. అందుకు ఒక నిజమైన ట్రయల్‌ను తీసుకుందాం.

రికవరీ ట్రయల్‌లో డెక్సామెథాసోన్ లెక్క

2020 మార్చిలో బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రికవరీ అనే ట్రయల్ మొదలైంది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారికి ఏ మందు పనిచేస్తుందో తేల్చడం దాని పని. పరీక్షించిన వాటిలో డెక్సామెథాసోన్ ఒకటి. మన ఊళ్లలో మెడికల్ షాపులన్నిటిలో దొరికే పాత, చవక స్టెరాయిడ్. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇచ్చారు. చూసే ప్రధాన ఫలితం ఒక్కటే: ట్రయల్‌లో చేరిన 28 రోజుల్లోపు రోగి చనిపోయాడా, బతికాడా.

మొదట్లో ప్రోటోకాల్‌లో శాంపిల్ సైజ్ ఇవ్వలేదు. జబ్బు కొత్తది, ఎంతమంది చనిపోతారో ఎవరికీ తెలియదు, కాబట్టి ఇప్పుడే చెప్పలేమని రాశారు. కొన్ని వారాల తర్వాత స్టీరింగ్ కమిటీ సంఖ్యను ఖరారు చేసింది. అప్పటికి ఏ గ్రూపులో ఎందరు చనిపోతున్నారో ఆ కమిటీకి చూపించలేదు. ఈ వివరం చాలా ముఖ్యం. ఫలితం చూసి సంఖ్యను మార్చుకుంటే లెక్కకు అర్థమే ఉండదు.

వాళ్లు చెప్పింది ఇది: మామూలు చికిత్సలో 28 రోజుల మరణాలు 20 శాతం ఉంటే, డెక్సామెథాసోన్ గ్రూపులో కనీసం 2,000 మంది, మామూలు చికిత్స గ్రూపులో 4,000 మంది కావాలి. అప్పుడు మందు మరణాలను అయిదో వంతు తగ్గిస్తే, అంటే 20 శాతం నుంచి 16 శాతానికి దించితే, ఆ తేడాను పట్టుకునే అవకాశం కనీసం 90 శాతం ఉంటుంది. సిగ్నిఫికెన్స్ స్థాయి 0.01.

ఈ మూడు నాలుగు వాక్యాల్లో అయిదు విషయాలున్నాయి. దేన్ని కొలుస్తున్నారు? మందు లేకపోతే అది ఎంత ఉంటుందని అనుకుంటున్నారు? మందుతో ఎంత మారాలని చూస్తున్నారు? లేని తేడాను ఉందని పొరబడే ప్రమాదం ఎంతవరకు ఒప్పుకుంటారు? ఉన్న తేడాను చూడకుండా పోయే ప్రమాదం ఎంతవరకు ఒప్పుకుంటారు? వీటిలో ఏ ఒక్కటి రాయకపోయినా ఆ సంఖ్యను మరొకరు లెక్కించి సరిచూడలేరు. అలాంటి పేరాలో ఉన్నది సమర్థన కాదు, ఒక ప్రకటన మాత్రమే.

రెండు రకాల పొరపాట్లు

ఎంత జాగ్రత్తగా చేసినా ట్రయల్ రెండు విధాలుగా మోసం చేయగలదు. మందుకు ఏ ప్రభావమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఆ గ్రూపులో తక్కువమంది చనిపోతే మందు పనిచేసిందని అనుకుంటాం. దీన్ని టైప్ 1 పొరపాటు అంటారు. ప్రోటోకాల్‌లో కనిపించే "సిగ్నిఫికెన్స్ స్థాయి 5 శాతం" దానికి పెట్టిన హద్దు. పనికిరాని మందును ఇలాంటి ట్రయల్స్‌లో వందసార్లు పరీక్షిస్తే, సుమారు అయిదుసార్లు తేడా ఉన్నట్టు కనిపిస్తుందని, అంతవరకు భరిస్తామని దాని అర్థం. రికవరీ ఆ హద్దును ఒక శాతానికి బిగించింది.

రెండోది దీనికి తిరగబడ్డది. మందు నిజంగానే పనిచేస్తుంది, కానీ ట్రయల్‌లో ఉన్న జనం చాలక ఆ తేడా యాదృచ్ఛికపు గందరగోళంలో కలిసిపోతుంది. ఇది టైప్ 2 పొరపాటు. ఇది జరగకుండా ఉండే అవకాశానికే పవర్ అని పేరు. 80 శాతం పవర్ అంటే, ఊహించిన తేడా నిజంగా ఉన్నా అయిదింటిలో ఒకసారి దాన్ని పట్టుకోలేమని ముందే ఒప్పుకున్నట్టు. మందుల నియంత్రణ సంస్థలు పాటించే ఐసీహెచ్ ఈ9 మార్గదర్శకాలు టైప్ 1కు మామూలుగా 5 శాతమో అంతకన్నా తక్కువో, టైప్ 2కు 10 నుంచి 20 శాతమో వాడుకగా పేర్కొంటాయి. అది వాడుకే, ప్రకృతి నియమం కాదు. మరణం లాంటి ఫలితాన్ని చూసే ట్రయల్‌కు 80 సరిపోతుందా, 90 కావాలా అని అడగడం న్యాయమైన ప్రశ్నే.

లెక్కను చేత్తో చేసి చూద్దాం

రెండు సమాన గ్రూపుల మధ్య శాతాలను పోల్చడానికి వాడే సాదా ఫార్ములా ఇది.

```
n = k × [ p1(1−p1) + p2(1−p2) ] ÷ (p1−p2)²
```

n అంటే ఒక్కో గ్రూపుకు కావలసిన మంది. p1, p2 అంటే రెండు గ్రూపుల్లో ఊహించిన మరణాల వాటా. k అనేది రెండు పొరపాట్ల హద్దులను బట్టి వచ్చే స్థిర సంఖ్య: 5 శాతం, 80 శాతం పవర్ అయితే 7.85, ఒక శాతం, 90 శాతం పవర్ అయితే 14.88.

ముందు మామూలు హద్దులతో 20 శాతం, 16 శాతం పెట్టి చూద్దాం. 0.20 × 0.80 = 0.16. 0.16 × 0.84 = 0.1344. కలిపితే 0.2944. తేడా 0.04, దాని వర్గం 0.0016. భాగిస్తే 184. దాన్ని 7.85తో గుణిస్తే 1,444.4, పైకి సవరిస్తే గ్రూపుకు 1,445 మంది. మొత్తం 2,890.

అవే మరణాల శాతాలను రికవరీ పెట్టుకున్న కఠినమైన హద్దులతో లెక్కిస్తే 184 × 14.88, అంటే గ్రూపుకు సుమారు 2,738 మంది, మొత్తం దాదాపు 5,500. రికవరీలో గ్రూపులు సమానంగా లేవు. ఒకరికి ఇద్దరు చొప్పున ఉన్నాయి. అసమానంగా పంచితే మొత్తం సంఖ్య కొంత పెరుగుతుంది. అందుకే 2,000 + 4,000 = 6,000. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రాసిన సంఖ్య మన చేతి లెక్కతో సరిపోయింది. మంచి పేరాకు గుర్తు ఇదే. ఎవరు చేసినా ఇంచుమించు అదే సంఖ్య రావాలి.

అసలు మలుపు: ఆ 4 ఎక్కడిది?

ఫార్ములాలో తేడా కింద ఉంది, పైగా వర్గం చేసి ఉంది. తేడాను సగం చేస్తే జనం దాదాపు నాలుగు రెట్లు కావాలి. మామూలు హద్దులతోనే, మరణాలు 20 శాతం నుంచి 12కు తగ్గుతాయని ఊహిస్తే మొత్తం 652 మంది చాలు. 16కు తగ్గుతాయంటే 2,890. 18కి మాత్రమే అంటే 12,000 పైచిలుకు. రోగులూ, జబ్బూ, మందూ మారలేదు. ఒక ఊహ మారింది, అంతే.

చేతిలో ఉన్న డబ్బుకు, ఓపీకి వచ్చే రోగులకు సరిపోయేలా ఈ ఊహను వెనక్కి లెక్కించి పెట్టుకోవడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. 600 మంది దొరుకుతారు కాబట్టి మందు మరణాలను 40 శాతం తగ్గిస్తుందని రాసేస్తారు. లెక్క తప్పు కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా సరిపోతుంది. ఊహే గాలిలోది.

ఈ తేడాను ఎంచుకోవడానికి నిలబడగల ఆధారాలు రెండు. ఒకటి, ఇంతకన్నా తక్కువ తేడా ఉంటే రోగికి గానీ వైద్యుడికి గానీ అది లెక్కలోకి రాదని చెప్పగలగడం. రెండు, ముందు జరిగిన అధ్యయనాలను బట్టి ఇంత తేడా రావడం సాధ్యమేనని చూపగలగడం. 2018లో బ్రిటన్ నుంచి వచ్చిన డెల్టా2 మార్గదర్శకం ఈ రెండింటినే, ముఖ్యమైన తేడా, నమ్మదగిన తేడా అని విడదీసి చెప్పింది. ప్రోటోకాల్ రాసినవాళ్లు తమది ఏదో చెప్పకుండా "మధ్యస్థ ప్రభావం 0.5గా తీసుకున్నాం" అని, అంటే రోగికీ రోగికీ మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలతలో సగమంత తేడా అని ఊరుకుంటే, 80 శాతం పవర్‌కు గ్రూపుకు 64 మంది, మొత్తం 128 వస్తుంది. బీపీ అయినా, నొప్పి స్కోరైనా, హిమోగ్లోబిన్ అయినా అదే 128. ఆ సంఖ్య కనిపిస్తే, జబ్బు గురించి ఆలోచించి పెట్టారా అని సందేహం రావాలి.

మరి రికవరీ ఊహ నిజమైందా? పూర్తిగా కాలేదు. చివరికి డెక్సామెథాసోన్ గ్రూపులో 2,104 మంది, మామూలు చికిత్సలో 4,321 మంది చేరారు. మరణాలు 22.9 శాతం, 25.7 శాతం. నూటికి 4 అనుకున్న తేడా 2.8కే ఆగింది. డెక్సామెథాసోన్ గ్రూపులోని రోగుల సగటు వయసు ఒక ఏడాది ఎక్కువ కావడంతో, దాన్ని సరిచేసి చూస్తే మరణాల రేటు 17 శాతం తగ్గినట్టు తేలింది. 90 శాతం పవర్, ఒక శాతం హద్దు అని మొదట్లో పెట్టుకున్న మిగులు ఇక్కడ ఆదుకుంది.

ఇప్పుడు ఇదే మందును 500 మందితో, గ్రూపుకు 250 చొప్పున, మామూలు 5 శాతం హద్దుతో పరీక్షించి ఉంటే? 22.9, 25.7 అనే శాతాలనే సత్యమనుకుంటే ఆ ట్రయల్ పవర్ దాదాపు 11 శాతం. పదింటిలో తొమ్మిదిసార్లు "డెక్సామెథాసోన్ వల్ల ప్రయోజనం కనబడలేదు" అని పత్రికలో వచ్చేది. పెద్ద కన్నుల వల వేసి, చిన్న చేపలు పడలేదు కాబట్టి చెరువులో అవి లేవని చెప్పడం లాంటిది ఇది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని తక్కువమంది గమనిస్తారు. ఆ 500 మంది ట్రయల్ అదృష్టవశాత్తు సిగ్నిఫికెంట్ అని తేలిందనుకుందాం. 250 మంది చొప్పున ఉన్నప్పుడు 5 శాతం హద్దు దాటాలంటే తేడా కనీసం నూటికి 7.5 ఉండాలి. నిజం 2.8. అంటే చిన్న ట్రయల్ గెలిచినా, మందు బలాన్ని రెండున్నర రెట్లకు మించి పెంచి చెబుతుంది. తర్వాతి పరిశోధకుడు ఆ పెంచిన సంఖ్యను తన ప్రోటోకాల్‌లో "ముందు అధ్యయనం ప్రకారం" అని పెట్టుకుని మరో చిన్న ట్రయల్ చేస్తాడు.

ఎవరిని చేర్చుకుంటున్నారన్నది కూడా లెక్కలో భాగమే

రికవరీలో వెంటిలేటర్ మీద ఉన్నవారిని విడిగా చూస్తే మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఈ రెండు సంఖ్యలను మన ఫార్ములాలో పెడితే, 5 శాతం హద్దు, 80 శాతం పవర్‌తో, గ్రూపుకు సుమారు 241 మంది చాలు. మొత్తం ఐదొందల లోపే. అందరినీ కలిపితే పనికిరాని అదే 500, ఒక రకం రోగులకే పరిమితమైతే సరిపోతుంది. ఇది ఫలితం తెలిశాక చెప్పే మాట అని ఒప్పుకోవాల్సిందే. ముందుగా ఎవరికీ తెలియదు. అయినా ఒక సంగతి స్పష్టం. శాంపిల్ సైజ్ పేరాలో రాసిన మరణాల శాతం ఏ రోగులదో, అర్హత నిబంధనల ప్రకారం చేరబోయే రోగులు వాళ్లేనో కాదో పోల్చి చూడాలి. ఐసీయూ లెక్కలు తెచ్చి వార్డు రోగులకు పెడితే సంఖ్య మొత్తం తప్పుతుంది. స్వల్పంగా జబ్బుపడినవారిలో ఫలితాలు అరుదుగా వస్తాయి, కాబట్టి జనం ఎక్కువ కావాలి.

4pq దగ్గర వచ్చే తికమక

మన మెడికల్ కాలేజీల ఎండీ, ఎంఎస్ థీసిస్ ప్రోటోకాల్స్ చదివేవారికి 4pq/L² అనే ఫార్ములా కొత్త కాదు. p అంటే ఒక సమస్య ఎంత శాతం మందిలో ఉందన్న అంచనా, q అంటే మిగతా శాతం, L అంటే ఎంత తేడాతో చెప్పగలిగితే చాలు అన్నది. ఒక ఊళ్లో షుగర్ ఎంతమందికి ఉందో తెలుసుకునే సర్వేకు ఇది సరైన ఫార్ములాయే. p 20 శాతం, L 5 శాతం అయితే 4 × 20 × 80 ÷ 25 = 256 మంది.

చిక్కు ఎక్కడంటే, రెండు మందులను పోల్చే ట్రయల్‌లోనూ ఇదే ఫార్ములా ప్రత్యక్షమవుతుంది. ఆ 256 మందిని రెండుగా చేసి 128 చొప్పున పెడతారు. కానీ ఈ ఫార్ములాలో రెండో గ్రూపే లేదు, పవర్ లేదు, ఎంత తేడా చూస్తున్నారో లేదు. అది "ఎంత ఉంది" అన్న ప్రశ్నకు జవాబు. "ఏది మేలు" అన్నది వేరే ప్రశ్న. ఆ 128 మంది చొప్పున గ్రూపులతో 20కీ 16కీ మధ్య తేడాను పట్టుకునే అవకాశం 13 శాతం దగ్గర ఉంటుంది. స్టాటిస్టిక్స్ రాని సభ్యుడు కూడా దీన్ని గుర్తుపట్టగలడు: అధ్యయనం పేరులో పోలిక ఉండి, శాంపిల్ సైజ్ పేరాలో ఒకే ఒక్క శాతం ఉంటే, ఫార్ములా ఆ అధ్యయనానిది కాదు.

ఇలాంటిదే మరొకటి, ప్రధాన ఫలితం మారిపోవడం. ఫలితాల విభాగంలో "28 రోజుల మరణం" అని రాసి, శాంపిల్ సైజ్ మాత్రం "సీఆర్‌పీ విలువలో సగటు తగ్గుదల" మీద లెక్కిస్తారు, ఎందుకంటే రక్తపరీక్ష విలువకు తక్కువమంది సరిపోతారు. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది కనబడదు.

పదిశాతం కలిపితే సరిపోతుందా

డ్రాపౌట్ల సవరణలో చిన్న పొరపాటు తరచూ జరుగుతుంది. 1,445 మంది చివరిదాకా మిగలాలంటే, పది శాతం పోతారనుకున్నప్పుడు 1,445ను 0.9తో భాగించాలి, 1,606 వస్తుంది. చాలామంది 1.1తో గుణించి 1,590 రాస్తారు. తేడా పెద్దది కాదు, దానికోసం ప్రోటోకాల్‌ను వెనక్కి పంపాల్సిన పని లేదు.

పెద్ద నష్టం వేరే చోట జరుగుతుంది. రికవరీలో డెక్సామెథాసోన్ గ్రూపులో 95 శాతం మందికే కనీసం ఒక డోసు అందింది. మామూలు చికిత్స గ్రూపులోనూ 8 శాతం మందికి వైద్యులు స్టెరాయిడ్ ఇచ్చారు. ట్రయల్‌లో ఎవరు ఏ గ్రూపులో పడ్డారో ఆ గ్రూపులోనే లెక్కిస్తారు కాబట్టి ఇలా అటూఇటూ కలిసినకొద్దీ తేడా పలచబడుతుంది. 95లోంచి 8 తీసేస్తే 87. మందు అసలు తేడా నూటికి 4 అయినా ట్రయల్‌లో కనిపించేది 3.5 మాత్రమే. వర్గం సూత్రం ప్రకారం అదే పవర్ కావాలంటే మూడో వంతు ఎక్కువ మంది కావాలి. మందును బయట షాపులో కొనుక్కోగల చోట ఈ సవరణ లేకుండా లెక్క పూర్తికాదు.

గ్రామాల వారీగా, స్కూళ్ల వారీగా చేసే ట్రయల్స్‌లో ఇంకో మెలిక. ఒకే ఊరివాళ్లు నీరు, తిండి, ఏఎన్ఎం సేవలు పంచుకుంటారు కాబట్టి ఒకరినొకరు పోలి ఉంటారు. ఊరికి 50 మంది అంటే 50 విడివిడి సాక్ష్యాలు కాదు. ఆ పోలిక కొలత 0.02 అనే చిన్న సంఖ్యే అయినా, 1 + 49 × 0.02 = 1.98. శాంపిల్ దాదాపు రెట్టింపు కావాలి. ఈ గుణకం కనబడని గ్రామస్థాయి ప్రోటోకాల్‌లో సగం మందే ఉన్నట్టు.

చిన్న ట్రయల్ అనైతికమా?

ఇక్కడ పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. ఒక పక్షం వాదన బలమైనది. జవాబు చెప్పలేని ట్రయల్‌లో రోగిని చేర్చుకుంటే, అతను పడ్డ సూదిపోట్లకు, తీసుకున్న ప్రమాదానికి బదులుగా సమాజానికి ఏమీ రాదు. 1978లో ఫ్రైమన్ బృందం, మందు పనిచేయలేదని ప్రకటించిన 71 ట్రయల్స్‌ను తిరగేసింది. వాటిలో 50 ట్రయల్స్‌లో, మందు 50 శాతం మేలు చేసినా దాన్ని చూడకుండా పోయే ప్రమాదం 10 శాతానికి మించి ఉందని తేలింది. 2002లో హాల్పెర్న్, కార్లవిష్, బెర్లిన్ అనే ముగ్గురు ఈ పద్ధతి ఇంకా సాగుతోందని విమర్శించారు. అరుదైన జబ్బుల మీద, ఇతర ట్రయల్స్‌తో కలిపి విశ్లేషించే స్పష్టమైన పథకంతో చేసే చిన్న ట్రయల్స్‌కు, మందు అభివృద్ధి తొలిదశల్లో చేసేవాటికి మినహాయింపు ఇచ్చారు. అయితే అలాంటిచోట కూడా ఈ ట్రయల్ ఒక్కటే జవాబు తేల్చలేదన్న సంగతి రోగికి చెప్పాలన్నారు. మన సమ్మతి పత్రాల్లో ఈ వాక్యం ఎన్నిట్లో ఉంటుందో సభ్యులే చూసుకోవచ్చు.

రెండో పక్షం ఇంకోలా అంటుంది. 80 శాతం అనేది ఒక ఆచారం. 79 అనైతికం, 80 నైతికం అనడానికి ఆధారం లేదు. చిన్న ట్రయల్ కూడా ఎంతోకొంత సమాచారం ఇస్తుంది. పక్షపాతం లేకుండా చేసి, ఫలితం ఏదైనా ప్రచురిస్తే, తర్వాత పోగు చేసి చూడవచ్చు. షుల్జ్, గ్రైమ్స్ 2005లో ఇదే వాదించారు. అదే ఏడాది బకెట్టి, ఆయన సహచరులు ఇంకా ముందుకెళ్లి, ఒక్కో రోగి మీద పడే భారం శాంపిల్ చిన్నదైనంత మాత్రాన పెరగదని, మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరి ద్వారా వచ్చే అదనపు విలువ తగ్గుతుందని చెప్పారు.

డెక్సామెథాసోన్ కథలోనే ఈ రెండో వాదనకు సాక్ష్యం ఉంది. బ్రెజిల్‌లోని కోడెక్స్ ట్రయల్ 350 మందిని అనుకుని, రికవరీ ఫలితం రావడంతో 299 దగ్గర ఆగిపోయింది. మరణాల తేడాను అది ఒంటరిగా తేల్చలేకపోయింది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే వేసుకున్న పథకం ప్రకారం, తీవ్రంగా జబ్బుపడినవారి మీద జరిగిన ఏడు స్టెరాయిడ్ ట్రయల్స్‌ను, కోడెక్స్‌తో సహా, కలిపి చూశారు. మొత్తం 1,703 మంది. స్టెరాయిడ్లు మరణాలను తగ్గిస్తాయని స్పష్టంగా తేలింది. కాకపోతే ఆ 1,703లో 1,007 మంది రికవరీవాళ్లే.

నాకు కనిపించేది ఏమంటే, ఈ రెండు పక్షాలూ "తర్వాత ఎవరో కలుపుతారు" అన్న ఉత్తి ఆశను సమర్థించడం లేదు. ఎవరు కలుపుతారు, ఏ కొలత వాడతారు, డేటా ఎక్కడ పెడతారు అన్నది ప్రోటోకాల్‌లో రాసి ఉంటే చిన్న సంఖ్యకు ఒక సమర్థన ఉన్నట్టు. ట్రయల్‌ను మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు చేయడం అందులో తొలి మెట్టు మాత్రమే.

అవసరానికి మించిన శాంపిల్ మీద కూడా అభ్యంతరమే ఉండాలి. జవాబు తెలిసిపోయాక చేరే రోగుల్లో సగం మంది తక్కువైన చికిత్స పొందుతున్నట్టే కదా. అందుకే సంఖ్యతో పాటు, మధ్యలో ఎవరు డేటా చూస్తారు, ఏ పరిస్థితిలో ఆపుతారు అన్నది కూడా చదవాలి. ఊరికే పదేపదే తొంగిచూస్తే టైప్ 1 పొరపాటు పెరుగుతుంది. ఎన్నిసార్లు చూస్తారో, ఆపడానికి ఎంత బలమైన ఆధారం కావాలో ముందే రాయాలి.

ఒకే మందు, మరో ప్రశ్న

రికవరీ 6,425 మందిని చేర్చుకున్నా అన్ని ప్రశ్నలకూ జవాబు రాలేదు. ఆక్సిజన్ అవసరం లేనివారు అందులో 1,535 మంది. వాళ్లలో డెక్సామెథాసోన్ తీసుకున్నవారిలో మరణాలు 17.8 శాతం, తీసుకోనివారిలో 14 శాతం. మందు హాని చేసిందా? వయసు తేడాను సరిచేశాక రెండు గ్రూపుల మరణాల రేటు నిష్పత్తి 1.19 అయినా, అది సుమారు 0.9 నుంచి 1.55 వరకు ఎక్కడైనా ఉండవచ్చని విశ్లేషణ చెప్పింది. కొద్దిగా మేలు నుంచి గణనీయమైన హాని వరకు అన్నీ ఆ పరిధిలో ఉన్నాయి. శాంపిల్ సైజ్‌ను మొత్తం రోగుల ప్రశ్నకు లెక్కించారు, ఈ చిన్న వర్గానికి కాదు. ప్రోటోకాల్‌లో "వయసు, లింగం, షుగర్ వారీగా కూడా విశ్లేషిస్తాం" అని ఉంటే, ఆ విశ్లేషణలకు పేరాలోని పవర్ వర్తించదు.

తర్వాత ఇదే ట్రయల్ మోతాదు పెంచితే ఏమవుతుందో పరీక్షించింది. ఆక్సిజన్ అవసరమైనా వెంటిలేటర్ దాకా వెళ్లనివారిలో ఎక్కువ మోతాదు ఇచ్చినవారిలో 19 శాతం, తక్కువ మోతాదు స్టెరాయిడ్ అప్పటికే భాగమైన మామూలు చికిత్సలో 12 శాతం చనిపోయారు. భద్రతా పర్యవేక్షణ కమిటీ సలహాతో 2022 మేలో ఆ రోగుల్లో దాన్ని ఆపేశారు. అప్పటికి చేరినవారు 1,272 మంది. తేడా నూటికి ఏడు కాబట్టి అంతమందే సరిపోయారు.